నాలుగు వైపులూ కొలిస్తే చాలదు: గాలిపటం లెక్కతో ఇంటి స్థలం లెక్క



ఇంటి స్థలం దస్తావేజులో చివరన షెడ్యూలు అని ఒక భాగం ఉంటుంది. తూర్పున ఎవరి స్థలం, పడమర ఏ వీధి అని హద్దులు రాసి, వాటి కింద నాలుగు వైపుల కొలతలు అడుగుల్లో రాస్తారు. ఆ కింద మొత్తం విస్తీర్ణం ఉంటుంది. స్థలం సరైన దీర్ఘచతురస్రమైతే ఇందులో చిక్కేమీ లేదు. పొడవును వెడల్పుతో గుణిస్తే సరిపోతుంది. కాని మనవాళ్లు తరాల నుంచి ఉంటున్న పాత పేటల్లో స్థలాలు అంత బుద్ధిగా ఉండవు. వీధి వంపు తిరిగిన చోట ఒక వైపు పెరుగుతుంది, పక్కవారి గోడ జరిగిన చోట ఇంకో వైపు తగ్గుతుంది. చివరికి నాలుగు వైపులకూ నాలుగు వేర్వేరు కొలతలు మిగులుతాయి.

అలాంటి స్థలానికి విస్తీర్ణం ఎలా కట్టారని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకే పద్ధతి. ఉత్తరం, దక్షిణం కూడి సగం చెయ్యాలి. తూర్పు, పడమర కూడి సగం చెయ్యాలి. ఆ రెండు సగాలనూ గుణించాలి. నేను గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో ఇలా కట్టిన లెక్కలు చాలా కాగితాల్లో చూశాను. ఇప్పుడు సంఘం పని మీద వచ్చేవారు చూపించే పంపకాల కాగితాల్లోనూ అదే కనిపిస్తోంది. ఈ లెక్కలో ఒక పక్షపాతం ఉంది. అది స్థలాన్ని ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది, ఒక్కసారి కూడా తక్కువ చూపించదు. కొనేవారూ, వాటా పంచుకునేవారూ ఆ తేడాను డబ్బుగా మోస్తారు.

దీనికి విరుగుడు మన ఇళ్లలో ఎనిమిదో తరగతి పిల్లల లెక్కల పుస్తకంలోనే ఉంది. సమచతుర్భుజం వైశాల్యం కర్ణాల లబ్ధంలో సగం అని అక్కడ నేర్పుతారు. ఆ సూత్రం సమచతుర్భుజానికే కాదు, గాలిపటానికీ పనిచేస్తుంది. ఇంకా చెప్పాలంటే, కర్ణాలు రెండూ లంబంగా ఖండించుకునే ఏ నాలుగు మూలల ఆకారానికైనా పనిచేస్తుంది. కర్ణం అంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకు గీసిన గీత. కన్నడంలోనూ, మరాఠీలోనూ చదివే పిల్లలు దీన్ని కర్ణం పేరుతోనే నేర్చుకుంటారు. తమిళంలో చదివే పిల్లలకు మాత్రం ఇది మూలైవిట్టం. వాళ్ల పుస్తకంలో కర్ణం అనే మాట లంబకోణ త్రిభుజంలోని పెద్ద భుజానికి వాడతారు. తాత కర్ణం అంటే మనవడు ఇంకోటి అనుకోకుండా ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది.

గాలిపటానికి ఎంత కాగితం?

సంక్రాంతికి పిల్లలు కట్టుకునే మామూలు గాలిపటాన్నే తీసుకుందాం. ఒక నిలువు పుల్ల, ఒక అడ్డ పుల్ల ఉంటాయి. అడ్డ పుల్లను విల్లులా వంచకుండా తిన్నగా కట్టాం అనుకోండి. నిలువు పుల్ల 60 సెంటీమీటర్లు, అడ్డ పుల్ల 50 సెంటీమీటర్లు. రెండూ లంబంగా, అంటే మూలమట్టం పెట్టినట్టు ఒకదాన్నొకటి దాటుతున్నాయి. పుల్లల కొసలను దారంతో కలిపితే నాలుగు మూలల ఆకారం వస్తుంది. దానికి అతికించాల్సిన కాగితం ఎంత?

ఈ గాలిపటం చుట్టూ ఒక పెట్టె గీయండి. పై కొస గుండా, కింది కొస గుండా అడ్డంగా రెండు గీతలు, కుడి కొస గుండా, ఎడమ కొస గుండా నిలువుగా రెండు గీతలు గీస్తే ఒక దీర్ఘచతురస్రం వస్తుంది. దాని పొడవు 60, వెడల్పు 50, వైశాల్యం 3000 చదరపు సెంటీమీటర్లు. లోపలి రెండు పుల్లలు ఈ పెట్టెను నాలుగు చిన్న పెట్టెలుగా విడగొడతాయి. ప్రతి చిన్న పెట్టెలోనూ గాలిపటం అంచు ఒక మూల నుంచి ఎదుటి మూలకు పోతుంది. అంటే ప్రతి చిన్న పెట్టెలో సరిగ్గా సగం గాలిపటం లోపల, సగం బయట ఉంటుంది. నాలుగింటిలోనూ సగం సగం కాబట్టి మొత్తం మీద కూడా సగమే. కాగితం 1500 చదరపు సెంటీమీటర్లు.

సూత్రంగా రాస్తే ఇంతే. p, q అనేవి రెండు కర్ణాల పొడవులు:

వైశాల్యం = ½ × p × q

ఇందులో ఒక విశేషం ఉంది. అడ్డ పుల్లను పై నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర కట్టినా, 30 దగ్గర కట్టినా కాగితం అంతే పడుతుంది. అడ్డ పుల్లను ఎడమకు 15, కుడికి 35 ఉండేలా పక్కకు జరిపినా అంతే. అప్పుడు అది చూడ్డానికి గాలిపటంలా ఉండదు, ఎగరదు కూడా, కాని వైశాల్యం మారదు. పైన చెప్పిన పెట్టె లెక్కలో పుల్లలు ఎక్కడ దాటుతున్నాయన్న మాట ఎక్కడా రాలేదు. అవి లంబంగా దాటాయన్న ఒక్క విషయమే వాడుకున్నాం. ఈ లెక్క గాలిపటాన్ని వదిలి ఇంటి స్థలానికి పనికొచ్చేది అందువల్లే.

నాలుగు వైపులు స్థలాన్ని నిలబెట్టవు

స్థలం దగ్గరికి వెళ్లే ముందు, నాలుగు వైపుల కొలతలు ఎందుకు చాలవో చూద్దాం. పాత నులక మంచం అందరికీ గుర్తుంటుంది. కోళ్ల దగ్గర బిగువు తగ్గితే మంచం ఒక పక్కకు ఒరుగుతుంది. పట్టెల పొడవు అంగుళం కూడా మారలేదు, కాని లోపలి జాగా తగ్గిపోయింది. ఇంకా ఒరిగితే ఇంకా తగ్గుతుంది. బాగా ఒరిగితే నాలుగు పట్టెలూ ఒకదాని పక్కన ఒకటి చేరి జాగా అన్నదే మిగలదు.

దీన్ని అంకెల్లో చూద్దాం. నాలుగు వైపులూ 25 అడుగులే ఉన్న స్థలం అనుకోండి. నాలుగు మూలలూ లంబంగా ఉంటే అది చతురస్రం, విస్తీర్ణం 625 చదరపు అడుగులు. అదే స్థలం కొంచెం ఒరిగి ఒక కర్ణం 30, రెండోది 40 అయితే, లబ్ధంలో సగం 600. బాగా ఒరిగి కర్ణాలు 14, 48 అయితే విస్తీర్ణం 336 మాత్రమే. మూడు స్థలాలకూ దస్తావేజులో రాసే నాలుగు కొలతలు ఒక్కటే: 25, 25, 25, 25. ఎదురెదురు వైపుల సగాలు గుణించే పద్ధతి మూడింటికీ 625 అనే చెబుతుంది. మూడో స్థలం కొన్నవారికి చేతికొచ్చేది కాగితం మీద ఉన్నదాంట్లో సగానికి కొంచెం పైన.

ఒక స్థలాన్ని పూర్తిగా కొలుద్దాం

ఇప్పుడు వైపులన్నీ వేర్వేరుగా ఉన్న స్థలం తీసుకుందాం. ఉత్తరం 25 అడుగులు, తూర్పు 39, దక్షిణం 60, పడమర 52. వాయవ్య మూలను క అనుకుందాం. అక్కడి నుంచి కుడి చేతి వైపుగా తిరుగుతూ ఈశాన్యం ఖ, ఆగ్నేయం గ, నైరుతి ఘ.

మామూలు పద్ధతిలో కడితే ఉత్తర దక్షిణాల సగం 42.5, తూర్పు పడమరల సగం 45.5. గుణిస్తే 1933.75 చదరపు అడుగులు. గజాల్లో చెప్పుకునేవారికి ఇది దాదాపు 215 చదరపు గజాలు. సెంట్లలో 4.44.

ఇప్పుడు కర్ణాలు కొలుద్దాం. క నుంచి గ వరకు టేపు పడితే 56 అడుగులు వచ్చింది. ఖ నుంచి ఘ వరకు 63 అడుగులు వచ్చింది. ఆ రెండు గీతలూ దాటే చోట మూలమట్టం పెడితే లంబంగా ఉన్నాయి. కాబట్టి విస్తీర్ణం 56 × 63 లో సగం, అంటే 1764 చదరపు అడుగులు. సరిగ్గా 196 చదరపు గజాలు, సెంట్లలో 4.05.

నమ్మకం కుదరని వారు ముక్కలుగా కూడా చూసుకోవచ్చు. కర్ణాలు దాటే చోటును మ అందాం. అక్కడి నుంచి క 20 అడుగులు, ఖ 15, గ 36, ఘ 48. నాలుగు లంబకోణ త్రిభుజాలు వస్తాయి. ఉత్తరం వైపుది 20, 15 ల లబ్ధంలో సగం, 150. తూర్పుది 15, 36 లది, 270. దక్షిణానిది 36, 48 లది, 864. పడమరది 48, 20 లది, 480. కూడితే 1764. ఈ ముక్కల నుంచే వైపుల కొలతలనూ సరిచూడవచ్చు. 20 వర్గం 400, 15 వర్గం 225, కూడితే 625. దాని వర్గమూలం 25, అది ఉత్తరం వైపు. మిగిలిన మూడూ ఇలాగే సరిపోతాయి.

రెండు లెక్కలకూ తేడా 169.75 చదరపు అడుగులు. అడుగు 2000 రూపాయల చోట ఇది 3,39,500 రూపాయలు. వంట గదిని మించిన జాగాకు, ఎక్కడా లేని నేలకు ఇచ్చే డబ్బు అది.

ఇంకో సంగతి. ఇవే నాలుగు వైపులతో స్థలం ఇంకోలా ఒరిగి ఉండవచ్చు. ఉదాహరణకు క, గ ల మధ్య 62 అడుగుల 4 అంగుళాల పైచిలుకు, ఖ, ఘ ల మధ్య 53 అడుగుల ఒకటిన్నర అంగుళం వస్తే విస్తీర్ణం సుమారు 1657 చదరపు అడుగులకు పడిపోతుంది. ఈ వైపులతో సాధ్యమయ్యే అన్ని ఆకారాల్లో 1764 అన్నదే అన్నిటికంటే పెద్దది. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడినప్పుడు మాత్రమే అంత వస్తుంది. కాబట్టి 1933.75 అన్న అంకె ఏ ఆకారానికీ చెందదు. ఆ నాలుగు వైపుల మధ్య అంత నేల ఎలా పేర్చినా పట్టదు.

పాతవారికి తెలిసిన తేడా

25, 39, 60, 52 అనే కొలతలు నేను కల్పించినవి కావు. మన దేశపు గణితంలో ఇవి ప్రసిద్ధి. 628లో బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం రాసిన బ్రహ్మగుప్తుడు రెండు లంబకోణ త్రిభుజాల నుంచి ఇలాంటి చతుర్భుజాన్ని తయారు చేసే దారి చెప్పాడు. 3, 4, 5 ఒకటి, 5, 12, 13 ఇంకొకటి. మొదటిదానిలోని 3, 4 లను రెండోదాని కర్ణం 13తో గుణిస్తే 39, 52. రెండోదానిలోని 5, 12 లను మొదటిదాని కర్ణం 5తో గుణిస్తే 25, 60. భాస్కరాచార్యులు 1150 నాటి లీలావతిలో ఇదే చతుర్భుజానికి 56, 63 కర్ణాలు చూపారు.

ఎదురెదురు వైపుల సగాలు గుణించే పద్ధతి కూడా వారికి తెలుసు. బ్రహ్మగుప్తుడు దాన్ని స్థూల ఫలం అన్నాడు, సరైనదాన్ని సూక్ష్మ ఫలం అన్నాడు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో గణిత సార సంగ్రహం రాసిన మహావీరాచార్యులు కూడా ఉజ్జాయింపు లెక్కను, సూక్ష్మమైన లెక్కను వేర్వేరుగా చెప్పారు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ రాజుల రాజధాని మాన్యఖేటం నేటి కర్ణాటకలోని మల్‌ఖేడ్. అంటే ఈ తేడా కన్నడ నేల మీద రాసి, తెలుగులో చదివిన తేడా. ఉజ్జాయింపు అన్న మాటను వదిలేసి అంకెను మాత్రం దస్తావేజులోకి ఎక్కించింది తర్వాతి వాడుక.

భాస్కరాచార్యులైతే ఇంకా కఠినంగా అన్నారు. కర్ణం గాని, లంబం గాని చెప్పకుండా చతుర్భుజం వైశాల్యం అడిగేవాణ్ణి, అడిగాడు కదా అని జవాబు చెప్పేవాణ్ణి కూడా ఆయన పిశాచం అన్నారు. వైపులు ఒక్కటే అయినా కర్ణాలు మారుతాయన్న సంగతి తెలియనివారని ఆయన కోపం.

టేపుతో ఎలా కొలవాలి

పని ఇద్దరు మనుషులది. వంద అడుగుల టేపు, నాలుగు మేకులు, పురికొస, ఒక కాగితం చాలు. నాలుగు మూలలా మేకులు కొట్టండి. మూల అంటే గోడ బయటి అంచా, లోపలి అంచా అన్నది ముందే తేల్చుకోండి, గోడ ఎవరిదో దాన్ని బట్టి. నాలుగు వైపులూ కొలిచి రాసుకోండి. తర్వాత ఎదురెదురు మేకులకు పురికొస బిగించి కట్టి రెండు కర్ణాలూ కొలవండి. టేపు నేల మీద తుప్పల మీదుగా వంకర పోకూడదు, గాల్లో వేలాడకూడదు. రెండు తప్పుల్లోనూ కొలత ఎక్కువే వస్తుంది. నేల వాలుగా ఉంటే టేపును మట్టంగా పట్టి, అవసరమైతే ముక్కలుగా కొలవాలి. వాలు వెంబడి పడితే కర్ణం పెరిగి స్థలం పెరిగినట్టు కనిపిస్తుంది.

కొసలు దాటే చోట లంబంగా ఉన్నాయో లేదో చూడటానికి మేస్త్రీలు గది మూల చూసే పద్ధతే వాడండి. దాటిన చోటు నుంచి ఒక కొస మీద 6 అడుగుల దగ్గర, రెండో కొస మీద 8 అడుగుల దగ్గర గుర్తు పెట్టండి. గుర్తుల మధ్య దూరం 10 అడుగులు వస్తే లంబమే. ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా కాదు.

దాటే చోట చెట్టో, బావో ఉండి మూలమట్టం పెట్టలేకపోతే వైపుల కొలతలతోనే తెలుసుకోవచ్చు. ఎదురెదురు వైపుల వర్గాలు కూడండి. మన స్థలంలో ఉత్తర దక్షిణాలకు 625, 3600, కూడితే 4225. తూర్పు పడమరలకు 1521, 2704, కూడితే 4225. రెండు మొత్తాలూ సమానమైతే కర్ణాలు లంబంగా ఉన్నట్టే. కారణం పైన ముక్కలుగా చేసిన లెక్కలోనే ఉంది. కర్ణాలు లంబంగా ఉంటే ప్రతి వైపు వర్గమూ మ నుంచి పోయే రెండు దూరాల వర్గాల మొత్తం. ఏ జత ఎదురెదురు వైపులు తీసుకున్నా ఆ నాలుగు దూరాల వర్గాలే ఒక్కోసారి వస్తాయి. గాలిపటంలో పక్కపక్క భుజాలు జతగా సమానం కాబట్టి ఈ పరీక్ష తనంతట తానే నెగ్గుతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఈ పరీక్ష లంబం ఉందని చెబుతుందే గాని విస్తీర్ణం చెప్పదు. మన స్థలం 1764గా ఉన్నా, ఒరిగి 1657గా ఉన్నా వర్గాల మొత్తాలు 4225 దగ్గరే ఉంటాయి. కర్ణాలు కొలవక తప్పదు.

లంబంగా లేకపోతే?

నిజమైన స్థలాల్లో రెండు మొత్తాలూ అచ్చంగా సమానం కావడం అరుదు. దానికి కంగారు పడనక్కర్లేదు. మొత్తాల తేడాను కర్ణాల లబ్ధానికి రెట్టింపుతో పోల్చండి. మన స్థలంలో లబ్ధం 3528, రెట్టింపు 7056. తేడా అందులో పదో వంతు లోపల, అంటే సుమారు 700 లోపల ఉంటే, సగం లబ్ధం సూత్రం వల్ల వచ్చే తప్పు నూటికి అరవంతు మించదు. దక్షిణం వైపును 60 బదులు 60 అడుగుల 3 అంగుళాలుగా చదివితే మొత్తాల తేడా 30 మాత్రమే వస్తుంది. అది లెక్కలోకి రానంత చిన్నది.

కర్ణాలు బాగా వాలుగా దాటుతుంటే మాత్రం సూత్రం వాడకూడదు. 80 డిగ్రీల కోణంలో దాటితే సగం లబ్ధం కంటే అసలు విస్తీర్ణం నూటికి ఒకటిన్నర తక్కువ. 60 డిగ్రీలైతే నూటికి 13కు పైగా తక్కువ. ఇక్కడా తప్పు ఎప్పుడూ ఎక్కువ చూపించే వైపే పోతుంది. అందుకే కర్ణాల లబ్ధంలో సగాన్ని ఒక గరిష్ఠ హద్దుగా వాడుకోవచ్చు. కాగితం మీది విస్తీర్ణం ఆ సగం కంటే ఎక్కువ ఉంటే, ఇంకే పరీక్షా లేకుండానే అది తప్పని చెప్పేయవచ్చు. మన 1933.75 అలాగే దొరికిపోతుంది.

అలాంటి స్థలానికి ఒక్క కర్ణం తీసుకోండి. మిగిలిన రెండు మూలల నుంచి ఆ కర్ణం మీదికి లంబంగా దూరాలు కొలవండి. ఆ రెండు దూరాలూ కూడి, కర్ణంతో గుణించి, సగం చెయ్యండి. రెండు త్రిభుజాలుగా విడగొట్టి కట్టిన లెక్క కాబట్టి ఇది ఏ కోణానికైనా సరిపోతుంది. తమిళనాడులో సర్వే కార్యాలయాల ఎఫ్.ఎం.బి. నక్షాల్లో స్థలం మధ్యగా మూల నుంచి మూలకు పోయే గీతలు, వాటి మీదికి లంబంగా పడే చిన్న గీతలు కనిపించేది ఈ లెక్క కోసమే. గాలిపటం సూత్రం దీనికి వేరేదేమీ కాదు. కర్ణాలు లంబంగా ఉన్నప్పుడు ఆ రెండు లంబ దూరాలూ ఒకే గీత మీద కలిసి రెండో కర్ణం అవుతాయి, అంతే. అందుకే అప్పుడు రెండు కొలతలతో పని అయిపోతుంది.

స్థలం మధ్యలో ఇల్లు ఉండి ఏ కర్ణమూ టేపుకు దొరకకపోతే ఈ పని మనవల్ల కాదు. సర్వేయరు కోణాలు చూసి కట్టాలి. అప్పుడు కూడా నాలుగు వైపుల కొలతలతో మనం ఒక హద్దు తెలుసుకోవచ్చు. బ్రహ్మగుప్తుడు చెప్పిన సూత్రం అది. నాలుగు వైపులూ కూడి సగం చేస్తే 88. అందులోంచి ఒక్కో వైపూ తీసేస్తే 63, 49, 28, 36. నాలుగింటినీ గుణించి వర్గమూలం తీస్తే 1764. ఈ వైపులతో స్థలం ఇంతకు మించి ఉండదు. సర్వేయరు లెక్కలో ఇంతకంటే తక్కువ రావచ్చు, ఎక్కువ మాత్రం రాకూడదు.

అన్నదమ్ముల పంపకంలో గాని, కొనుగోలులో గాని దస్తావేజు రాయించే ముందు షెడ్యూలులో నాలుగు వైపులతో పాటు రెండు కర్ణాల కొలతలూ రాయించండి. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి 56 అడుగులు, ఈశాన్యం నుంచి నైరుతికి 63 అడుగులు అని రెండు వాక్యాలు చాలు. రేపు గోడ ఏ పక్కకు జరిగినా ఆ రెండు అంకెల్లో తేడా బయటపడుతుంది. వైపుల కొలతలు మాత్రమే ఉన్న కాగితంలో బయటపడకపోవచ్చు.